ముందు కిటికీ, తర్వాతే బల్బు: చిన్న గ్యాలరీలో పాత చీరలకు, పటాలకు వెలుగు అమర్చడం ఎలా

విజయనగరం కోటకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత పెంకుటిల్లు ఉంది. ఆ ఇంటివాళ్లు వీధి గదిని ఖాళీ చేసి, తాతల నాటి వస్తువులు కొన్ని జనానికి చూపిద్దామనుకున్నారు. వాటిలో ఒక వంకాయరంగు పట్టుచీర, ఒక పొందూరు ఖద్దరు పంచె, గుడ్డ మీద వేసిన ఒక సవర గిరిజన చిత్రం, తలపాగా పెట్టుకున్న పెద్దాయన తైలవర్ణ చిత్రం ముఖ్యమైనవి. ఏది ఎక్కడ పెట్టాలో చూడమని నన్ను పిలిచారు. నేను చేసిన మొదటి పనే తప్పు. పట్టుచీర పగటి వెలుగులో ఎంత బాగుందో చూసి, దాన్ని దక్షిణం కిటికీలకు ఎదురుగా ఉన్న గోడకు వేలాడదీయించాను.

పదకొండు నెలల తర్వాత దులపడానికని కిందికి దింపాం. పైన చీరను పట్టి ఉంచిన టేకు పట్టీ విప్పితే, దాని కింద రెండంగుళాల మేర అసలు రంగు నిగనిగలాడుతూ ఉంది. మిగతా చీరంతా బూడిద కలిసిన లేత ఊదా రంగుకు దిగిపోయింది. రోజూ చూస్తున్నవాళ్లం కాబట్టి ఒక్కరికీ తెలియలేదు. పోయిన రంగు మళ్లీ రాదు.

ఆ గదిని మళ్లీ మొదటి నుంచి ఎలా సర్దామో అదే వరసలో చెబుతాను. మీ గది కొలతలు వేరుగా ఉంటాయి, వరస మాత్రం మార్చకండి. చాలామంది లైట్ల షాపుతో మొదలుపెడతారు. మీరు కిటికీతో మొదలుపెట్టండి. రంగు వెలవడం, గాజులో ప్రతిబింబాలు, వేడి, ఈ మూడింటికీ ఎక్కువ భాగం మూలం అక్కడే ఉంటుంది.

1. ఎండ పొడ ఎక్కడెక్కడ పడుతుందో గీయండి

ఒక సుద్దముక్క తీసుకుని ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా గంటకోసారి గదిలో ఎండ పొడ అంచులు గీయండి. పక్కన టైము రాయండి. ఒక్క రోజు గీస్తే సరిపోదు. డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి గీస్తేనే గది స్వభావం తెలుస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే 7 అడుగుల ఎత్తున్న దక్షిణం కిటికీ లోంచి ఎండ గదిలోకి 6 అడుగులకు పైగా వస్తుంది. మా చీర పోయింది ఈ ఎండ నేరుగా తగిలి కాదు. ఆ ఎండ నేల మీద పడి పైకి లేచిన వెలుగే దాన్ని తినేసింది.

ఉత్తరం కిటికీ వెలుగు మెత్తగా ఉంటుంది, పటాలకు మంచిది అని చాలాచోట్ల రాసి ఉంటుంది. చలిదేశాల వాళ్లకు అది నిజం. మనకు జూన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడు ఉత్తరం వైపే నడుస్తాడు. తెల్లవారగానే ఉత్తరం కిటికీ లోంచి ఏటవాలుగా వచ్చే ఎండ పడమటి గోడ వైపు పోతుంది, సాయంత్రం ఎండ తూర్పు గోడ వైపు. పాత ఇళ్లలో ఒక అదృష్టం ఉంది. గోడ 2 అడుగుల మందం, కిటికీ 3 అడుగుల వెడల్పు అయితే ఆ ఏటవాలు ఎండ గోడ మందంలోనే ఆగిపోతుంది, లోపలికి రాలేదు. అదే కిటికీ 9 అంగుళాల కొత్త గోడలో ఉంటే దాదాపు సగం వెడల్పు మేర ఎండ లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి ఉత్తరమే కదా అని నమ్మేయకుండా గోడ మందం కొలిచి చూడండి.

2. ఎండను గాజుకు బయటే ఆపండి

లోపల పరదా వేస్తే వెలుగు ఆగుతుంది, వేడి ఆగదు. ఎండ గాజు దాటి పరదాను తాకిందంటే ఆ వేడి గదిలోకి వచ్చినట్టే. అందుకే మొదట బయట నీడ కావాలి. మేం దక్షిణం కిటికీల ముందు వెదురు తడికలు కట్టించాం, కిటికీ పైనుంచి మూడొంతులు కిందికి దిగేలా. తాటాకు పందిరైనా, రేకు చూరైనా ఫరవాలేదు. కానీ ఈ తీరంలో అక్టోబరు తుపాన్లు మామూలే, 2018లో తిత్లీ ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. గాలి హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టుకునేలా కొక్కేలకు తగిలించండి, మేకులతో బిగించకండి.

తర్వాత గాజు సంగతి. మామూలు కిటికీ గాజు అతినీలలోహిత కిరణాలను కొంతవరకే ఆపుతుంది. రంగును, నూలును ఎక్కువగా దెబ్బతీసే భాగం చాలావరకు దాటి వస్తుంది. రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. గాజు మార్చే ఖర్చు పెట్టలేకపోతే ఆ కిరణాలను ఆపే యూవీ ఫిల్మ్ అంటించండి. అంటించిన తేదీ మూల మీద రాయండి. ఫిల్మ్ శాశ్వతం కాదు, పదేళ్ల లోపే మార్చుకోవాల్సి రావచ్చు.

మూడోది లోపలి పరదా. గది వైపు ముతక గుడ్డ, గాజు వైపు నల్ల లైనింగు పెట్టి రెండు పొరలుగా కుట్టించండి. పక్కల్లో సందులు ఉండకుండా గోడ మీదికి నాలుగంగుళాలు ఎక్కువ రానివ్వండి. ఆ సన్నటి సందు లోంచి వచ్చే ఎండగీత ఒక్కటి చాలు, గుడ్డ మీద ఒక చారలా రంగు తినేయడానికి.

గదిలో గాలి ఆడదేమో అని ఇంటివాళ్లు టెన్షన్ పడ్డారు. సందర్శకులు లేని వేళ, ఎండ లేనప్పుడు, ఉత్తరం తలుపు తీస్తే సరిపోయింది.

3. మీటర్ కొనండి, లెక్క వేయండి

వస్తువు మీద ఎంత వెలుగు పడుతోందో లక్స్‌లలో కొలిచే లక్స్ మీటర్ రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. ఫోన్ యాప్‌ను నమ్మకండి, ఒకే చోట రెండు ఫోన్లు రెండు రకాలుగా చెబుతాయి. మీటర్ గుండ్రటి తెల్ల సెన్సార్‌ను వస్తువుకు ఆనుకునేలా, ముఖం గది వైపు ఉండేలా పట్టుకోండి. మీ చేతి నీడ, చొక్కా మీది తెలుపు దాని మీద పడకుండా పక్కకు నిలబడండి. నాలుగు మూలలా, మధ్యలో, మొత్తం ఐదుచోట్ల చదివి రాసుకోండి.

అద్దకాలు, పట్టు, నూలు, కాగితం, నీటిరంగులు వీటికి 50 లక్స్, తైలవర్ణానికి 200 లక్స్ దాకా అని మ్యూజియంలలో చాలాకాలంగా ఉన్న లెక్క. అయితే అసలు లెక్క ఆ అంకెతో అయిపోదు. వెలుగు చేసే నష్టం తీవ్రతను బట్టి, గంటలను బట్టి కలిసి పెరుగుతుంది. 100 లక్స్ కింద ఒక గంట, 50 లక్స్ కింద రెండు గంటలు దాదాపు ఒకటే. కాబట్టి లక్స్‌ను గంటలతో గుణించి, ఒక్కో వస్తువుకు ఏడాదికి ఇంత అని ఖాతా రాసుకోవాలి.

మా చీర ఉన్నచోట తర్వాత ఒక డిసెంబరు రోజు కొలిచాం. ఉదయం 600, మధ్యాహ్నం 900, సాయంత్రం 200 లోపు. ఏడాది సగటు 400 అనుకుందాం. రోజుకు 8 గంటలంటే 3,200 లక్స్-గంటలు. అన్నిటికంటే త్వరగా వెలిసే రంగుల్లో, అతినీలలోహితం లేకపోయినా, సుమారు 3 లక్షల లక్స్-గంటలకే కంటికి తెలిసే తేడా వస్తుందని ఒక అంచనా. భాగించి చూడండి, మూడు నెలలు. మేం పదకొండు నెలలు ఉంచాం, అదీ యూవీతో కలిపి.

ఇప్పుడు అదే రకం చీరను 50 లక్స్‌లో, రోజుకు 6 గంటలు చూపిస్తే 300 లక్స్-గంటలు. అలాంటి నాజూకు రంగులకు ఏడాదికి 15,000 దాటకూడదని పెట్టుకుంటే, 50 రోజులు చూపించవచ్చు. వారానికి ఒక సెలవు పోను సుమారు రెండు నెలలు. మిగతా పది నెలలు చీకటి బీరువాలో. ఈ లెక్కన ఆ మొదటి తేడా రావడానికి 20 ఏళ్లు పడుతుంది. రెండు నెలలేనా అని ఇంటివాళ్లు మొహం ముడుచుకున్నారు. ఇంకో ఐదు చీరలు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. రెండు నెలలకొకటి మారుస్తుంటే చూసినవాళ్లే మళ్లీ వస్తున్నారు.

ఏ రంగు ఎంత నాజూకో కంటితో చెప్పలేం. పసుపుతో వేసిన అద్దకం అన్నిటికంటే ముందు పోతుంది. తొలినాళ్ల రసాయన ఊదాలు, గులాబీలు కూడా అంతే. నీలిమందు, మంజిష్ఠ ఎరుపు వాటికంటే గట్టివి. సవర చిత్రాల్లోని ఎర్రమట్టి, బియ్యప్పిండి తెలుపు వెలుగుకు పెద్దగా చెక్కు చెదరవు. అయినా వాటి కింది గుడ్డ కోసం 50 లోనే ఉంచాం. ఈమధ్య గీసినవాటిలో పోస్టర్ రంగులు కలుస్తున్నాయి కాబట్టి ఏ రంగులు వాడారో చిత్రకారుణ్ణే అడగండి. తెలియకపోతే నాజూకైనదని అనుకుని నడవండి.

4. గదిని చీకటి చేయండి, వస్తువును వెలిగించకండి

ఈ మెట్టే జనం నమ్మరు. బయట ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా 50 లక్స్ లోకి వచ్చినవాడికి గది గుహలా కనిపిస్తుంది, వెంటనే "కరెంటు లేదా అండీ?" అంటాడు. దానికి విరుగుడు లైటు పెంచడం కాదు, కళ్లకు టైము ఇవ్వడం. మేం వీధి గుమ్మం మూసేసి, సందర్శకులు వసారా మీదుగా చుట్టూ తిరిగి లోపలికి వచ్చేలా చేశాం. వసారాలో ఒక బెంచీ, గోడ మీద ఇంటి చరిత్ర రాసిన బోర్డు. అది చదివేసరికి నాలుగైదు నిమిషాలు గడుస్తాయి, కళ్లు సర్దుకుంటాయి.

గదిలో వస్తువు కంటే వెలుగైనది ఏదీ కనబడకూడదు. తెల్ల సున్నం గోడ మీద 50 లక్స్ చీర మాసిన గుడ్డలా ఉంటుంది. అదే చీర వెనక ముదురు బూడిదరంగు గుడ్డ పరిస్తే దీపంలా లేస్తుంది. మేం గోడలకు తడి ఇసుక రంగు, వస్తువుల వెనక్కి ఇంకాస్త ముదురు వేయించాం. ఇంకో లాభం కూడా ఉంది. సున్నం అతినీలలోహితాన్ని గదిలోకి తిప్పి కొడుతుంది, టైటానియం డయాక్సైడ్ ఉన్న ఎమల్షన్ పెయింట్లు చాలావరకు మింగేస్తాయి.

5. గాజులో ఏం కనబడుతోందో అద్దంతో పట్టుకోండి

ఇది ఖర్చు లేని పరీక్ష. గడ్డం గీసుకునే అద్దం ఒకటి తీసుకుని, పటం ఉండబోయే చోట గోడకు ఆనించి ఒకరు పట్టుకోండి. రెండోవాళ్లు సందర్శకుడు నిలబడే చోట నిలబడి అందులోకి చూడండి. అద్దంలో ఏది కనబడితే, రేపు గాజులో అదే కనబడుతుంది. అద్దాన్ని మూలల దగ్గర కూడా ఉంచి చూడండి. మా గదిలో మధ్యలో ఏమీ లేదు గానీ, ఎడమ పైమూలలో ట్యూబులైటు, కుడి కిందిమూలలో తెరిచిన తలుపు కనిపించాయి.

ప్రతిబింబం ఎందుకు గెలుస్తుందో చిన్న లెక్కలో తెలుస్తుంది. మామూలు గాజు తన మీద పడిన వెలుగులో సుమారు 8 శాతం వెనక్కి కొడుతుంది. ఎదురుగోడ తెల్లగా ఉండి, కిటికీ పక్కన కావడంతో 500 లక్స్ పడుతోందనుకోండి. అందులో 80 శాతం అది తిప్పి కొట్టినా 400 వంతులు, దానిలో 8 శాతం గాజు మనకు పంపితే 32 వంతులు. వంకాయరంగు చీర తన మీద పడ్డ 50 లో 10 శాతమే పంపుతుంది, అంటే 5 వంతులు. ప్రతిబింబం చీర కంటే ఆరు రెట్లు వెలుగు. చీర మీద లైటు రెట్టింపు చేసినా 10 వంతులే అవుతుంది, గోడ ఇంకా గెలుస్తూనే ఉంటుంది, రంగు మాత్రం రెండింతల వేగంతో పోతుంది.

ఇప్పుడు కిటికీ మూసి, ఎదురుగోడకు ముదురు రంగు వేయండి. గోడ మీద 20 లక్స్, 20 శాతం తిప్పితే 4 వంతులు, దానిలో 8 శాతం అంటే అర వంతు కూడా లేదు. అదే 50 లక్స్‌తో, అదే గాజు వెనక, చీర జరీ పోగు పోగునా కనిపిస్తుంది. ప్రతిబింబం తగ్గించే ప్రత్యేక గాజు దొరుకుతుంది, 1 శాతం దగ్గరికి దించుతుంది, కానీ బాగా ఖరీదు. పెయింటు డబ్బా ముందు, ఆ గాజు తర్వాత.

అప్పటికీ ఏదైనా మిగిలితే పటాన్ని వంచండి. 3 అడుగుల ఎత్తున్న పటం పైభాగాన్ని 3 అంగుళాలు ముందుకు వాల్చితే సుమారు 5 డిగ్రీల వంపు, ప్రతిబింబం 10 డిగ్రీలు కిందికి దిగుతుంది. ఎదురుగోడ బదులు నేల కనబడుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్ల పటాలు గుమ్మం మీద అలా ముందుకు వాల్చి కట్టేవాళ్లు కదా, అదే పద్ధతి.

గుడ్డకు గాజు తగలకూడదు. మధ్యలో కనీసం అర అంగుళం పట్టీ పెట్టించండి. సవర చిత్రం లాంటి పొడిపొడిగా రాలే రంగులకు గాజు బదులు అక్రిలిక్ షీటు వద్దు. దాన్ని తుడిచినప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తు బియ్యప్పిండి పొడిని పైకి లాక్కుంటుంది.

6. ఇప్పుడు బల్బు

ఎల్ఈడీ స్పాట్ లైట్లు కొనండి, 5 నుంచి 7 వాట్లు చాలు. డబ్బా మీద మూడు చూడండి. రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే సీఆర్ఐ 90 లేదా పైన, రంగు 3000 కెల్విన్ లేదా 2700, వెలుగు కోణం. మన షాపుల్లో అడగకుండా చేతిలో పెట్టేది 6500 కెల్విన్ కూల్ వైట్. దాని కింద ఎరుపు చచ్చిపోతుంది, తక్కువ వెలుగులో గది ఆస్పత్రిలా ఉంటుంది. మంచి ఎల్ఈడీలో అతినీలలోహితం దాదాపు ఉండదు కాబట్టి ఫిల్టర్ల బెడద లేదు. పాత ట్యూబులైట్లు ఉంటే తీసేయించండి.

ఎక్కడ బిగించాలి? లైటు నిలువు నుంచి 30 డిగ్రీల వాలులో పటం మధ్యను తాకాలి. లెక్క తేలిక. లైటు ఎత్తులోంచి పటం మధ్య ఎత్తును తీసేసి 0.58తో గుణించండి. మా దూలం 10 అడుగుల ఎత్తులో ఉంది, పటం మధ్య 5 అడుగులు. 5ను 0.58తో గుణిస్తే 2.9. అంటే గోడ నుంచి 3 అడుగుల దూరంలో లైట్లు తగిలించే ట్రాక్. ఇంతకంటే దూరం పెడితే చూసేవాడి తల నీడ పటం మీద పడుతుంది, బల్బు మెరుపు గాజులోంచి వాడి కంట్లోకే వస్తుంది. మరీ దగ్గర పెడితే ఫ్రేము నీడ పటం పైభాగాన్ని కప్పేస్తుంది.

తైలవర్ణం దగ్గర కాస్త ఓపిక పట్టండి. వార్నిష్ గాజులాగే మెరుస్తుంది, పైగా కుంచె గీతలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, ఒక్కో గీత ఒక్కో చిన్న అద్దం. మా పెద్దాయన తలపాగా మీద తెల్లటి మచ్చ ఒకటి పట్టి పీడించింది. లైటును 3 అడుగుల నుంచి 2 అడుగులకు జరిపితే మచ్చ పోయింది కానీ, ఫ్రేము నీడ నుదురు దాకా దిగింది. చివరికి రెండున్నర అడుగుల దగ్గర పెట్టి, ఒకే లైటును ఎదురుగా కాకుండా ఎడమ పక్కగా తోశాం. నీడ పైచెక్క కిందే ఆగింది. అంగుళం అంగుళం జరుపుతూ ఒక సాయంత్రమంతా పట్టింది.

పొందూరు పంచెది ఇంకో కథ. కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి తీసిన నూలు అది. ఎదురుగా వెలుగు పెడితే ఉత్త తెల్లగుడ్డ, దుప్పటికీ దానికీ తేడా తెలియదు. లైటును పక్కనుంచి, గుడ్డను దాదాపు రాసుకుంటూ పోయేలా పెట్టండి. ఒక్కో పోగు తన పక్కన సన్నటి నీడ వేసుకుంటుంది, చేతినేత కాబట్టి ఆ నీడలు కొద్దిగా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. 40 లక్స్ చాలు, జనం ముక్కు గాజుకు ఆనించి చూస్తారు. ఒక జాగ్రత్త, ఇలా పెడితే లైటుకు దగ్గరున్న అంచు మీద ఎక్కువ పడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, లైటు దగ్గరకు పెట్టినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. లైటును వీలైనంత దూరంగా పెట్టి రెండు అంచులూ మీటర్‌తో చూడండి.

బిగించాక కొలిస్తే 50 కాదు, 200 వస్తుంది, చూసుకోండి. తగ్గించడానికి చవక డిమ్మర్ కొంటే లైటు మిణుకుతుంది. ఫోన్ కెమెరాలోంచి చూడండి, చారలు పాకుతుంటే ఆ డిమ్మర్ వెనక్కి ఇచ్చేయండి. మేం కిటికీలకు వేసే స్టీలు దోమల మెష్‌ను గుండ్రంగా కత్తిరించి లైటు ముందు పొరలుగా పెట్టాం. పొర పెట్టి కొలవడం, ఇంకో పొర పెట్టి కొలవడం, అంతే. నైలాన్ మెష్ వద్దు, వేడికి ముడుచుకుపోతుంది.

నాజూకైన వస్తువు ముందు మనిషి కదలికకు వెలిగే సెన్సార్ స్విచ్ పెట్టుకోవచ్చు. మా దగ్గర రోజుకు 6 గంటలు తెరిచినా, చీర దగ్గర లైటు నిజంగా వెలిగేది గంటన్నర లోపే. అంతకంటే చవకైనది, గాజు మీద నల్లగుడ్డ కప్పి "ఎత్తి చూడండి" అని రాయడం. పిల్లలకు అదే ఇష్టం.

7. వేడిని వస్తువు దగ్గరికి రానివ్వకండి

ఎల్ఈడీ వేడి పుట్టించదు అనే మాట సగమే నిజం. దాని వెలుగులో వేడి దాదాపు లేదు, ఒంట్లో ఉంది. తిన్న కరెంటులో ఎక్కువ భాగం బల్బు వెనక, దానికి కరెంటు అందించే డ్రైవర్‌లో వేడిగా మారుతుంది. గాజు పెట్టె లోపల స్ట్రిప్ లైటు అంటిస్తే ఆ వేడి పోయే దారి ఉండదు. కాబట్టి పెట్టెలోపల లైటు వద్దు. తప్పదంటే, పైన గాజుతో వేరు చేసిన అర కట్టించి, దానికి గాలి రంధ్రాలు పెట్టి, డ్రైవర్‌ను బయట ఉంచండి.

వేడి కంటే దాని వెంట వచ్చే తేమ హెచ్చుతగ్గులే ప్రమాదం. గది 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉందనుకోండి. పెట్టెలో గాలి 34కు వేడెక్కితే, అదే తేమ 56 శాతం అవుతుంది. లైటు ఆపగానే మళ్లీ 70. రోజూ ఇలా పట్టు, చెక్క, కాన్వాసు ముడుచుకుని సాగుతుంటే రంగు పొర పగుళ్లు బారుతుంది. వేడిని కూడా చూపించే 300 రూపాయల తేమ మీటర్లు రెండు కొని ఒకటి పెట్టెలో, ఒకటి గదిలో పెట్టండి. లైటు వేసిన మూడు గంటలకు రెంటి మధ్య తేడా ఒక డిగ్రీ దాటితే ఎక్కడో వేడి చిక్కుకుంటోంది.

ఏసీ గురించి నా మాట సూటిగా చెబుతాను. ఇరవై నాలుగు గంటలూ నడపలేకపోతే అసలు పెట్టకండి. వానాకాలంలో మన తీరంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ మామూలు. ఆ గాలి 26 డిగ్రీల వస్తువును తాకితే చెమట పడుతుంది. పగలు 24లో చల్లబడ్డ గాజు, సాయంత్రం ఏసీ ఆపి తలుపు తీయగానే తడుస్తుంది. నెల తిరిగేలోపు ఫ్రేము మూలల్లో బూజు. నెమ్మదిగా తిరిగే ఫ్యాను, అదీ వస్తువు వైపు కాకుండా, ఇంతకంటే నయం. తేమ 65 దాటి రోజుల తరబడి ఉంటే గుడ్డలు తీసి బీరువాలో పెట్టేయడం ఉత్తమం.

పడమటి గోడ మీద చేయి పెట్టి చూడండి, మధ్యాహ్నం కాదు, రాత్రి 8 గంటలకు. పగలంతా తిన్న ఎండ మందపు గోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దుపోతుంది. గది మూసి తాళం వేసుకుని మనం వెళ్లిపోయాక పటం వెనక వేడెక్కుతుందన్నమాట. మా పెద్దాయన్ని అక్కడి నుంచి తూర్పు గోడకు మార్చాం. మార్చే చోటు లేకపోతే ఫ్రేము వెనక నాలుగు మూలలా అంగుళం మందం బెండు ముక్కలు అంటించండి, మధ్యలో గాలి ఆడుతుంది. ఫ్రేముకు పైన తగిలించే ఇత్తడి పటం లైటు అందంగా ఉంటుంది కానీ, పటం పైభాగాన్ని వేడి చేస్తుంది, వార్నిష్ మీద మెరుపు పోస్తుంది. బహుమతిగా వచ్చినా పెట్టకండి.

8. రాసి ఉంచండి

అన్నీ కుదిరాక ఒక్కో లైటు వెనక చిన్న స్టిక్కర్ అంటించి వాట్లు, కెల్విన్, ఎన్ని మెష్ పొరలు, ఏ వస్తువుకు, వస్తువు మధ్యలో ఎన్ని లక్స్ అన్నది రాయండి. లైటు తల తిరిగే మర మీద, దాని పక్క భాగం మీద కలిపి ఒక గోళ్ల రంగు గీత గీయండి. ఎవరైనా కదిలిస్తే గీత తెగుతుంది, చూడగానే తెలుస్తుంది.

ఇది ఎందుకంటే, సెన్సార్ స్విచ్ పెట్టకముందు, నేను ఊళ్లో లేని ఒక వారం చీర మీది బల్బు మాడిపోయింది. వచ్చిన ఎలక్ట్రీషియన్ మంచివాడే, గది చీకటిగా ఉందని జాలిపడి 12 వాట్ల కూల్ వైట్ వేశాడు, మెష్ ముక్కలు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. తిరిగొచ్చి కొలిస్తే 380 లక్స్. రోజుకు 6 గంటలు, ఐదు రోజులు, 11,400 లక్స్-గంటలు. ఆ చీర ఏడాది ఖాతాలో మూడొంతులకు పైగా ఆ వారంలోనే ఖర్చయింది. ఆ సాయంత్రమే దాన్ని దింపి బీరువాలో పెట్టి, మిగిలిన 3,600ను పుస్తకంలో రాశాను. ఇప్పుడు స్విచ్ బోర్డు పక్కన మెష్ వేసిన బల్బులు రెండు డబ్బాలో సిద్ధంగా ఉంటాయి, డబ్బా మీద ఎర్ర అక్షరాలతో "ఇవి మాత్రమే" అని రాసి ఉంటుంది.